కసూర్ గోబీది కాదు

ఎమ్మిగనూరులో మా ఆపా వాళ్ల వంటింటి అల్మారా తలుపుకు లోపలివైపు ఒక పేపర్ కటింగ్ ఆరేళ్లుగా అతికించి ఉండింది. అన్నం మెతుకులతో అతికించినట్టుంది, అంచులు పచ్చబడి పైకి లేచాయి. “థైరాయిడ్ ఉందా? క్యాబేజీ, కాలీఫ్లవర్ జోలికి వెళ్లొద్దు” అని హెడ్డింగ్. కింద నాలుగు లైన్లు. రాసినవాడి పేరు లేదు. పేరు లేకపోయినా రాసింది ఎవరో నాకు తెలుసు. నేనే.

అప్పట్లో నేను డెస్క్‌లో పని చేసేవాణ్ణి. రాత్రి పదిన్నరకు హెల్త్ పేజీ కింద మూలలో నాలుగు అంగుళాల జాగా మిగిలితే, ఇంగ్లీషులో ఎక్కడో కనిపించిన ముక్కను తెలుగులోకి తిప్పి అందులో పెట్టేసేవాణ్ణి. పేజీ వెళ్లిపోయేది, నేను మర్చిపోయేవాణ్ణి. ఆదోనిలో మా ఇంటికీ, ఎమ్మిగనూరులో ఆపా ఇంటికీ ఆ పేపర్ వస్తుందని, తమ్ముడి పేపర్ కాబట్టి ఆపా దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతుందని ఆ జాగా నింపేటప్పుడు నాకు తట్టలేదు.

ఆపాకు థైరాయిడ్ తక్కువ ఉందని తేలింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. ఇంట్లో ఫూల్‌గోబీ బంద్. పత్తాగోబీ బంద్. మూలీ బంద్. దుల్హాభాయ్‌కి ఫూల్‌గోబీ గోష్త్ అంటే ప్రాణం. ఆయన కోసం విడిగా వండినా వాసనకు తనకు తినాలనిపిస్తుందని మొత్తానికే మానేసింది. మా అమ్మీ చలికాలంలో చేసే గోబీ సాలన్ ఆదోని నుంచి డబ్బాలో పెట్టి పంపితే, పక్కింటికి ఇచ్చేసేది. ఆరేళ్లు అంత గట్టిగా పర్హేజ్ చేసింది.

అంత పర్హేజ్ చేసినా ఆమె తబియత్ బాగుపడలేదు. ఇంకా దిగజారింది. అది నేను చాలా ఆలస్యంగా గమనించాను.

*

ఆపాకు ఇప్పుడు 52 ఏళ్లు. బట్టలు కుడుతుంది. మగ్గాల ఊళ్లో కాపురం కాబట్టి నేత చీరలకు ఫాల్స్, బ్లౌజులు, పిల్లల షల్వార్ కమీజులు, పనికి కొదవ లేదు. ఒకప్పుడు రంజాన్ ఆఖరి అష్రాలో రాత్రంతా మిషన్ తొక్కి, పొద్దున సేవయ్యా వండి, అందరికీ ఈదీ పంచేది. గత రెండేళ్లలో అసర్ కాకముందే మిషన్ మీద తల వాల్చేసేది. మొహం ఉబ్బింది. గొంతు బొంగురుపోయింది. పత్తి కూడా ఎండి పగిలే మా ఆదోని ఎండల్లో దుప్పటి కప్పుకునేది. అత్తగారి తరఫు వాళ్లు “సుస్తీ పెరిగింది” అన్నారు. అబద్ధం ఎందుకు చెప్పాలి, మనసులో నేనూ అదే అనుకున్నాను.

ప్రతి నాలుగైదు నెలలకు రక్తం ఇచ్చేది. రిపోర్ట్ చూసి గోలీ బలం పెంచేవాళ్లు. 75 మైక్రోగ్రాములతో మొదలై 100, తర్వాత 125, చివరికి 150. అయినా టీఎస్‌హెచ్ ఒకసారి 9, ఇంకోసారి 18, మళ్లీ 14. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథిని పని చేయమని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి వేసే కేక అనుకోండి. ఒంట్లో హార్మోన్ తగ్గితే కేక పెద్దదవుతుంది, సరిపడా ఉంటే తగ్గుతుంది. మామూలుగా అది 0.4 నుంచి 4 మధ్య ఉండాలి. ఆపా ఒంట్లో ఆ కేక ఆరేళ్లుగా ఆగలేదు.

పోయిన చలికాలంలో నేను ఆమెను కర్నూలులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. పాత రిపోర్టులన్నీ ఆమె బల్ల మీద తేదీల వరసలో పరిచింది. ఆపా బరువు చూసింది, 62 కిలోలు. కాగితం మీద పెన్నుతో 62ను 1.6తో గుణించింది. 99 వచ్చింది.

“గ్రంథి దాదాపు పూర్తిగా ఆగిపోయిన మనిషికి కూడా కిలో బరువుకు రోజుకు 1.6 మైక్రోగ్రాములు సరిపోతాయి. అంటే ఈమెకు 100 చాలు. చాలామందికి అంతకూడా అక్కర్లేదు. ఈమె 150 మింగుతున్నా కేక ఆగలేదంటే గోలీ కడుపులోకి పోతాంది గానీ రక్తంలోకి పోతలేదు,” అంది. తర్వాత ఆపా వైపు తిరిగి, “అమ్మా, పొద్దున కళ్లు తెరిచినప్పటి నుంచి నోట్లోకి ఏమేం పోతాయో గంటలవారీగా చెప్పండి. నీళ్లతో సహా” అంది.

ఆపా చెప్పింది. ఫజర్‌కి లేస్తుంది. నమాజ్ అయ్యాక చాయ్ పెడుతుంది. ఆ చాయ్‌తోనే మూడు గోలీలు వరసగా వేసుకుంటుంది, ఒకటీ మర్చిపోకూడదని. ఒకటి థైరాయిడ్‌ది. రెండోది మోకాళ్ల నొప్పికి ఇంకో డాక్టర్ రాసిన కాల్షియం. మూడోది గ్యాస్‌ది. చాయ్‌లో రెండు రస్కులు. ఎనిమిదిన్నరకు నాష్తా.

“థైరాయిడ్ గోలీ ఖాలీ కడుపున వేసుకోమని ఎవరూ చెప్పలేదా?”

“చెప్పినారు. ఖాలీ కడుపునే కదా వేసుకుంటాండా. నాష్తా కాకముందే.”

“మరి చాయ్?”

ఆపా నా మొహం చూసింది. “చాయ్ ఎవరన్నా తింటారా డాక్టరమ్మా?”

డాక్టరమ్మ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. మన ఇళ్లల్లో చాయ్ తిండి లెక్కలోకి రాదు. ఇంటికొచ్చినవాళ్లకు ముందు చాయ్ ఇచ్చి, తర్వాత “ఏమన్నా తింటారా” అని అడుగుతాం. చీటీ మీద “ఖాలీ కడుపున” అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, మన చెవికి అది “నాష్తాకు ముందు” అనే వినబడుతుంది.

*

గోలీ విషయం డాక్టరమ్మ చెప్పినంతవరకు నాకు అర్థమైనట్టు చెప్తాను.

ఈ గోలీ పేరు లీవోథైరాక్సిన్. మన గ్రంథి తయారు చేయాల్సిన హార్మోనే ఇది, బయట తయారై వస్తుంది. తిండి లేని కడుపులో నీళ్లతో వేసుకున్నా అందులో 60 నుంచి 80 శాతమే చిన్నపేగుల నుంచి రక్తంలోకి చేరుతుంది. ముందు అది కడుపులోని ఆమ్లంలో కరగాలి, తర్వాత పేగు గోడ దాటాలి. కాల్షియం దానికి ఎదురైతే దాన్ని పట్టుకుని వదలదు. రెండూ కలిసి మలంలో పోతాయి. ఐరన్ గోలీ కూడా అంతే. పాలలో ఉన్నదీ కాల్షియమే. కాఫీ, చాయ్ కూడా దాన్ని పేగు దాటనివ్వకుండా అడ్డం పడతాయి. గ్యాస్ గోలీ ఆమ్లాన్ని తగ్గిస్తుంది కాబట్టి గోలీ సరిగ్గా కరగదు. ఆపా ఈ మూడింటినీ ఒకే గుటకలో కలిపేది.

ఇంకో సంగతి. రోజూ ఒకే అంత నష్టమైతే, బలం పెంచుకుంటూ పోయి ఎక్కడో ఒకచోట సరిపెట్టవచ్చు. కానీ ఒకరోజు చాయ్ చిక్కగా, ఒకరోజు పలచగా. ఒకరోజు కాల్షియం అయిపోయి వారం దాకా తెచ్చుకోలేదు. అందుకే ఆమె రిపోర్టు 9, 18, 14 అని ఊగింది. బలం మారకుండానే టీఎస్‌హెచ్ ఇట్లా పైకీ కిందికీ ఊగుతుంటే, బరువుకు తగిన బలం దాటాక కూడా దిగకపోతుంటే, ముందు అనుమానించాల్సింది గోలీ వేసుకునే వేళను.

“ఇంక పొద్దున లేవగానే గోలీ, ఒక గ్లాసు ఉత్త నీళ్లు. తర్వాత గంటసేపు నీళ్లు తప్ప ఏమీ వద్దు. గంట కుదరని రోజు కనీసం అరగంట. కాల్షియానికి, దీనికి మధ్య నాలుగు గంటలు ఉండాలి,” అంది డాక్టరమ్మ. గ్యాస్ గోలీ ఎందుకని అడిగితే ఖాలీ కడుపున చాయ్ తాగి మంట వస్తే ఎప్పుడో మొదలుపెట్టినదని తేలింది. దాన్ని ఆపించింది.

నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. ఆమె మాట్లాడుతుంటే చిన్నప్పుడు అబ్బా తెచ్చే హకీం సాబ్ చీటీ గుర్తొచ్చింది. దాని మీద ఒక మాట ఉండేది, నిహార్ ముహ్. పొద్దున లేచాక ఇంకా ఏదీ తగలని నోరు అని. అందులో నాష్తా ముందా తర్వాతా అనే గడబిడ లేదు. చాయ్ తగిలినా అది నిహార్ ముహ్ కాదు. బస్సులో ఆపాతో ఆ మాట అన్నాను. “ఆపా, ఖాలీ కడుపున అంటే నిహార్ ముహ్ అని అర్థం.”

“అట్లా చెప్పింటే ఆరేళ్ల కింద్టే అర్థమయ్యేది కదరా మున్నా,” అంది.

*

బస్సు కోడుమూరు దాటాక ఆమే మళ్లీ అడిగింది. “మరి గోబీ సంగతి? డాక్టరమ్మ గోబీ పేరే ఎత్తలేదు.”

నిజమే. నేను లోపల అడిగాను, ఆపా రక్తం ఇవ్వడానికి వెళ్లినప్పుడు. కటింగ్ సంగతి కూడా చెప్పాను. ఆమె చెప్పింది విని, తర్వాత నేను చదివి చూసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాను. నాలుగు అంగుళాల్లో చేసిన తప్పుకు నాలుగు అంగుళాల్లో జవాబు సరిపోదు.

గోబీ మీద అనుమానం ఉత్తగా పుట్టింది కాదు. 1928లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో వేరే పరిశోధన కోసం పెంచుతున్న కుందేళ్లకు గొంతు గ్రంథులు పెద్దగా ఉబ్బాయి. వాటికి రోజూ వేసిన మేత ప్రధానంగా క్యాబేజీ. అక్కడి నుంచి వెతుకుతూ పోతే ఈ కుటుంబం కూరల్లో గంధకంతో కూడిన కొన్ని పదార్థాలు ఉన్నాయని తెలిసింది. పత్తాగోబీ, ఫూల్‌గోబీ, నూకోల్, మూలీ, షల్గం, ఆవాలు అన్నీ ఒకే ఖాందాన్. పచ్చి ఆకును కోసినప్పుడు, నమిలినప్పుడు ఆకులోనే ఉన్న ఒక ఎంజైమ్ ఆ పదార్థాలను విరగ్గొడుతుంది. అప్పుడు పుట్టేవి కొన్ని గ్రంథి లోపలికి అయోడిన్ పోకుండా అడ్డుకుంటాయి, ఇంకొన్ని గ్రంథి హార్మోన్ తయారు చేయకుండా అడ్డుకుంటాయి.

ఇంతవరకు నిజం. నేను పేపర్లో ఇంతవరకే రాశాను. దీని తర్వాత ఉన్నది రాయలేదు.

మొదటిది, వంట. ఆ ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది. మన ఇళ్లల్లో గోబీని పచ్చిగా ఎవరు తింటారు? ఉడికించి, తాలింపు వేసి, సాలన్‌లో ఇంకో పావుగంట మగ్గించి గానీ దస్తర్ఖాన్ మీద పెట్టం. ఉడికించిన నీళ్లు పారబోస్తే ఆ పదార్థాల్లో కొంత భాగం ఆ నీళ్లతోనే పోతుంది.

రెండోది, ఎంత తిన్నామన్నది. 2010లో అమెరికా వైద్యపత్రికలో ఒక కేసు అచ్చైంది. 88 ఏళ్ల చైనా ముసలమ్మ ఒకామె. చక్కెర జబ్బుకు మంచిదని నమ్మి, చైనా క్యాబేజీ రకం బాక్‌చోయ్‌ను పచ్చిగా, రోజుకు కిలో నుంచి కిలోన్నర, కొన్ని నెలల పాటు తిన్నది. థైరాయిడ్ పూర్తిగా పడిపోయి స్పృహ తప్పే దాకా వచ్చింది. కిలోన్నర పచ్చిది, రోజూ, నెలల తరబడి. మన కటోరీ సాలన్‌ను దాని పక్కన పెట్టి చూడండి.

మూడోది, ఉప్పు. గోబీ చేసే పని అయోడిన్‌ను అడ్డుకోవడం. ఒంట్లో అయోడిన్ సరిపడా ఉంటే ఆ అడ్డు పెద్దగా పని చేయదు. మన దేశంలో ఉప్పులో అయోడిన్ కలపడం వెనక ఒక తెలుగువాడి పని ఉంది. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో, మెడవాపు ఇంటింటా కనబడే చోట, ఆయనా ఆయన తోటివాళ్లూ లోయను మూడు భాగాలు చేశారు. రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చారు. కొన్నేళ్లకే అయోడిన్ ఉప్పు తిన్న రెండు భాగాల్లో మెడవాపు బాగా తగ్గింది. 1962లో దేశమంతటికీ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు తినడానికి అమ్మే ఉప్పులో అయోడిన్ ఉండి తీరాలన్నది చట్టం.

నాలుగోది, ఆపా లాంటివాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది. అయోడిన్ అందే చోట్ల పెద్దవాళ్లలో థైరాయిడ్ తగ్గడానికి ఎక్కువగా కారణం ఒంటి రక్షణ వ్యవస్థ సొంత గ్రంథి మీదే తిరగబడటం. గోబీ తిని వచ్చింది కాదు, గోబీ మానితే పోయేదీ కాదు. పైగా ఆమె మింగుతున్నది తయారైన హార్మోన్. గోబీ అడ్డుకునేది గ్రంథి లోపల జరిగే తయారీని. బయటి నుంచి తయారై వచ్చిన సరుకు మీద దానికి అధికారం లేదు. హోటల్ నుంచి బిర్యానీ పార్సిల్ తెచ్చుకున్న రోజు మన పొయ్యిలో గ్యాస్ ఉంటే ఏమి, లేకుంటే ఏమి?

కాబట్టి ఉడికించిన గోబీ, మూలీ, నూకోల్ వారంలో రెండు మూడుసార్లు, కటోరీ చొప్పున, నిశ్చింతగా తినవచ్చు. ప్యాజ్‌తో పాటు కోసిన నాలుగు పచ్చి మూలీ ముక్కలకూ భయం లేదు. తాలింపులో ఆవాలకు అసలు లేదు. వద్దనాల్సింది బరువు తగ్గుతారని రోజూ పొద్దున పచ్చి క్యాబేజీ రసం గ్లాసుల కొద్దీ తాగడాన్ని. గోబీ మంచూరియా మీద అభ్యంతరం ఉంటే అది నూనె మీద, మైదా మీద. థైరాయిడ్ పేరు చెప్పి దాన్ని తిట్టకండి.

ఇంకా నవ్వొచ్చే సంగతి ఒకటుంది. గోబీ మానేసిన ఆపా, మంచిదని ఎవరో చెప్తే రెండేళ్ల కింద అయోడిన్ ఉప్పు కూడా మానేసి లాహోరీ నమక్‌కు మారింది. గులాబీ రంగు రాళ్లు. విడిగా కలిపితే తప్ప దాంట్లో చెప్పుకోదగ్గ అయోడిన్ ఉండదు. ఆమె ఒక్కతి గోలీ మీద ఉంది కాబట్టి ఆమెకు నష్టం తక్కువ. ఇంట్లో కోడలుంది, చిన్న పిల్లలున్నారు. వాళ్లకు ఉప్పే ఆధారం. గోబీని బయటికి పంపి, గోబీ నుంచి కాపాడే ఉప్పును కూడా బయటికి పంపింది. ఆ సంగతి తెలిసిన రోజే పాత ఉప్పు పాకెట్ తెప్పించాను.

*

కర్నూలు డాక్టరమ్మ వేళ మార్చడంతో పాటు గోలీ బలం కూడా 150 నుంచి 125కి దించింది. ఎందుకని నేను అడిగాను, ఇంకా తక్కువ ఉంది కదా అని. “ఇన్నాళ్లు కాలువలో పోయిన నీళ్లు ఇప్పుడు చేనులోకి వస్తాయి. 150 అట్లనే ఉంచితే ఎక్కువవుతుంది. ఆరు వారాలకు రక్తం చూద్దాం. ఈ లోపల గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం ఉంటే ఆగకుండా రండి” అంది. ఆరు వారాలు ఎందుకంటే ఈ హార్మోన్ ఒంట్లో నిదానంగా పేరుకుంటుంది. సగం తరగడానికే వారం పడుతుంది. పది రోజులకే పరీక్ష చేయిస్తే పాత లెక్కే సగం కనబడుతుంది.

ఐదో వారం ఆపా ఫోన్ చేసింది. నిద్ర లేదు, దిల్ ధడక్ ధడక్ అంటోంది అని. రక్తం ఇచ్చే రోజు ముందు రక్తం ఇచ్చి తర్వాత గోలీ వేసుకోవాలని గుర్తు చేశాను. టీఎస్‌హెచ్ 0.3 వచ్చింది. ఆరేళ్లు కిందికి దిగనిది, గోబీతో పని లేకుండా, చాయ్‌ను గంట వెనక్కి జరిపితే లెక్క కన్నా కిందికి పోయింది. బలం 100కి తగ్గించారు. ఇంకో రెండు నెలలకు 2.1. డాక్టరమ్మ మొదటిరోజు కాగితం మీద గుణించిన లెక్కే చివరికి సరిపోయింది.

ఇది చదివి ఎవరూ సొంతంగా గోలీ బలం తగ్గించుకోవద్దు. వేళ మార్చుకోండి, మార్చుకున్నానని డాక్టర్‌కు చెప్పండి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు రక్తం చూపించుకోండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ఇంట్లో కోడలో బిడ్డో కడుపుతో ఉంటే ఇంకా తొందరగా చెప్పాలి. అప్పుడు గోలీ బలం పెంచాల్సి రావడం మామూలే, అదే సమయంలో ఐరన్, కాల్షియం గోలీలు కూడా చేతికొస్తాయి. రెండింటికీ మధ్య నాలుగు గంటలు అక్కడ మరీ అవసరం.

*

ఇప్పుడు ఆపా దినం ఎట్లా నడుస్తుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది నన్ను థైరాయిడ్‌కు ప్రత్యేకంగా ఏ డైట్ అని అడుగుతున్నారు. గ్రంథిని బాగుచేసే తిండి అంటూ ఏదీ లేదు. గోలీకి దాని వేళ ఇచ్చి, తర్వాత మామూలుగా తినడమే.

ఐదింటికి లేచి గోలీ, గ్లాసు నీళ్లు. తర్వాత వుజూ, నమాజ్, తిలావత్, వాకిలి ఊడవడం. ఆ పనులు ఎట్లాగూ గంట తింటాయి. ఆరు దాటాక చాయ్. ఎనిమిదింటికి నాష్తా, ఒకరోజు ఉగ్గాని, ఒకరోజు జొన్నరొట్టె, గుడ్డు. ఉగ్గానిలో మిరపకాయ బజ్జీ ఆరు నుంచి రెండుకు తగ్గింది, బరువు కోసం. జుహర్ తర్వాత అన్నం, పప్పు, ఏదో ఒక సాలన్, అది తిన్నాక కాల్షియం. ఇషాకు ముందు రొట్టె, కూర. జొన్నరొట్టె, ఆకుకూరలు ఈ జబ్బులో వచ్చే మలబద్ధకానికి మంచివి. అయితే పీచు కూడా గోలీని పట్టుకుంటుంది కాబట్టి ఇసబ్‌గోల్ లాంటివి పొద్దున గోలీ దగ్గరికి రానీయకుండా రాత్రికి పెట్టుకుంది. గోలీ సీసా పొయ్యి పక్కన చక్కెర డబ్బా దగ్గర ఉండేది. వేడికి, ఆవిరికి పాడవుతుందని దాన్ని పడకగదిలో బీరువాలోకి మార్చాం. దాంతో ఇంకో లాభం కలిగింది. చాయ్ దగ్గరికి పోకముందే గోలీ చేతికొస్తుంది.

రంజాన్‌లో ఏం చేయాలన్నది ఆమె అసలు భయం. ఈ గోలీ రోజుకు ఒకేసారి కాబట్టి రోజాకు అడ్డం రాదు, వేళ మాత్రం మారాలి. డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. సెహ్రీకి గంట ముందు లేచి వేసుకోవడం ఒకటి. రాత్రి తిండి ముగించిన మూడు గంటల తర్వాత, పడుకునే ముందు వేసుకోవడం రెండోది. ఏదో ఒకటి పట్టుకుని నెలంతా అదే చేయాలి. ఆపా రెండోది తీసుకుంది. మగ్రిబ్‌కు ఇఫ్తార్, వెంటనే ఖానా, ఏడుంపావుకు దస్తర్ఖాన్ మడత. తరావీహ్ అయ్యాక పదిన్నరకు నీళ్లతో గోలీ. కాల్షియం సెహ్రీలో. ఈ దారిలో కష్టమల్లా తరావీహ్ తర్వాత ఇంటికొచ్చే హలీమ్, పాయా, చాయ్. అవి తింటే మూడు గంటల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. నెలంతా మూడుసార్లు తప్పానని ఆమె ఒప్పుకుంది. ఈద్ తర్వాత చేయించిన రక్తంలో టీఎస్‌హెచ్ 2.8. చాలు.

*

మొన్న చలికాలం మొదట్లో ఎమ్మిగనూరు పోయాను. ఆదోని బస్‌స్టాండ్ దగ్గర తోపుడుబండి మీద తెల్లగా, గట్టిగా ఉన్న ఫూల్‌గోబీలు రెండు కొనుక్కుపోయాను. ఆపా వాటిని వేడి ఉప్పునీళ్లలో వేసి పురుగులు తీసింది, నీళ్లు పారబోసింది, గోష్త్ సగం ఉడికాక ముక్కలు వేసింది. దుల్హాభాయ్ రెండుసార్లు వంటింట్లోకి తొంగి చూశాడు.

నేను అల్మారా తలుపు తీశాను. కటింగ్ లేదు. దాని చోట నోట్‌బుక్ కాగితం, మీద ఆపా ఉర్దూ దస్తూరీ. పైన పెద్ద అక్షరాలతో నిహార్ ముహ్, కింద వేళలు వరసగా. పాతది ఏం చేశావని అడిగాను.

“తీసి దాచినా. నువ్వు రాసిందే కదా, పారేయాలంటే మనసొప్పలేదు,” అంది. “పేపర్లో తప్పు పడితే మళ్లీ దిద్ది వేస్తారంట కదరా. ఇదెప్పుడు వేస్తావ్?”

ఆ జాగా ఇప్పుడు నా చేతిలో లేదు ఆపా. అందుకే ఇక్కడ వేస్తున్నాను.